అక్షరాలా, వికారం, ఉదాసీనం: మా ఇంట్లో మూడు మాటలు

మేము తిరుత్తణి వాళ్ళం. పాత ఇల్లు కొండ కిందే ఉంది. ఇప్పుడు సగం మంది తిరువళ్ళూరులో ఉన్నాము, చదువుకున్న పిల్లలు చెన్నై, బెంగళూరు, టెక్సాస్ దాకా వెళ్ళారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. మీలో చాలామంది ఇళ్ళల్లోనూ ఇదే వరస అని తెలుసు. ఒక భాషలో మాట ఇంకో భాషలోకి అడుగు పెట్టినప్పుడు అర్థం కొంచెం జారుతుంది. మాకు అది రోజూ కనపడుతూనే ఉంటుంది.

ఈసారి మూడు ఇంగ్లీషు మాటల గురించి రాస్తున్నాము: లిటరల్లీ, నాషియస్, డిసింటరెస్టెడ్. వీటిని జనం తప్పుగా వాడతారని ఇంగ్లీషు వాడుక పుస్తకాలు ఎన్నో ఏళ్ళుగా చెప్తున్నాయి. మా పిల్లల మెసేజీల్లో ఈ మూడూ విరివిగా వస్తాయి. వాటిని తెలుగులో ఏమంటామని మేము కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తేలింది. మూడింటికీ మన దగ్గర జత మాటలు ఉన్నాయి. ఇంగ్లీషు మాట ఎక్కడ జారిందో, తెలుగు మాట కూడా సరిగ్గా అక్కడే జారింది, లేదా జారబోయి నిలబడింది.

అక్షరాలా

లిటరల్లీ అనే మాటకి మూలం లాటిన్‌లో అక్షరం. అంటే అది అచ్చంగా మన 'అక్షరాలా'నే. మన వైపు ఈ మాట పుట్టినిల్లు కవిత్వం కాదు, ప్రామిసరీ నోటు. మా చిన్నాయన చాలా ఏళ్ళు తిరువళ్ళూరులో దస్తావేజులు రాశారు. ఆయన చేతి నోటులో ముందు అంకెల్లో మొత్తం ఉండేది, దాని పక్కనే "అక్షరాలా" అని మొదలుపెట్టి అదే మొత్తం మాటల్లో రాసి, చివర "రూపాయలు మాత్రమే" అని ముగించేవారు. ఆ 'మాత్రమే' తాళం లాంటిది. దాని తర్వాత ఇంకో మాట ఇరికించడానికి చోటు ఉండదు. అంకెల పక్కన సున్నా చేర్చడం ఎవరికైనా అరక్షణం పని. 'వెయ్యి'ని 'పదివేలు' చేయాలంటే మాత్రం కాగితం ఒప్పుకోదు.

అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే ఏది చెల్లుతుంది? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్ దీనికి జవాబు చెప్తుంది: మాటల్లో రాసిందే చెల్లుతుంది. చిన్నాయన కొత్తగా పని నేర్చుకునేవాళ్ళకి ఒక లెక్క చెప్పి చూపించేవారు. నోటులో అంకెల్లో రూ.1,500 ఉంది, అక్షరాలా "వెయ్యిన్ని యాభై" అని ఉంది అనుకోండి. రాసినవాడు సున్నాని ఒక గది అటూ ఇటూ జరిపాడు, అంతే. చట్టం దృష్టిలో అసలు రూ.1,050. నూటికి నెలకి రూపాయి వడ్డీ అయితే నెలకి పదిన్నర రూపాయలు, మూడేళ్ళకి రూ.378. వడ్డీతో కలిపి రావలసింది రూ.1,428. అప్పిచ్చినవాడు నిజంగానే 1,500 ఇచ్చి ఉంటే మూడేళ్ళకి అతనికి రావలసింది రూ.2,040. ఒక్క సున్నా తప్పు చోట కూర్చోవడంతో కాగితం మీద రూ.612 పోయినట్టే. బ్యాంకులో చెక్కుకైతే ఇంత వాదన కూడా ఉండదు, అంకెలూ అక్షరాలూ కలవలేదని మామూలుగా వెనక్కి పంపేస్తారు.

మా ఇంట్లో 'అక్షరాలా' అంటే ఇంత బరువున్న మాట. అది ఉంటే దాని తర్వాత వచ్చేదాన్ని ఉన్నదున్నట్టు నమ్మవచ్చు, కోర్టుకి తీసుకుపోవచ్చు. తిరుత్తణి కొండకి మూడువందల అరవై ఐదు మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని, అని మా ఊళ్ళో అందరూ చెప్తారు. "అక్షరాలా మూడువందల అరవై ఐదు మెట్లు" అంటే మాట సరిగ్గా కూర్చుంది. ఎవరైనా ఎక్కి లెక్కపెట్టుకోవచ్చు. ఆడికృత్తికకి కావళ్ళు వచ్చే రోజు "కొండ మీద అక్షరాలా జనసముద్రం" అని రాస్తే మాత్రం కూర్చోలేదు. అక్కడ సముద్రం లేదు. జనం చాలామంది ఉన్నారు, సముద్రం అనేది పోలిక. పోలిక ముందు 'అక్షరాలా' పెడితే, పోలిక కాదు అని చెప్పే మాటతో పోలికనే మోయించినట్టు అవుతుంది.

ఇది ఇప్పటి పిల్లలు తెచ్చిన జబ్బు అనుకుంటే అన్యాయం. మార్క్ ట్వైన్ 1876లో వచ్చిన టామ్ సాయర్ నవలలో లిటరల్లీని ఇలా నొక్కి చెప్పడానికే వాడాడు. వెబ్‌స్టర్ నిఘంటువు ఈ వాడుకని 1909లోనే ఎక్కించింది. అసలు 'నిజం' అని అర్థమున్న మాటలన్నిటికీ ఈ గతి పడుతుంది. వెరీ అనే మాటకి పూర్వం అర్థం నిజమైన అని, ఇప్పుడు చాలా అని మాత్రమే. మన 'నిజంగా' కూడా "నిజంగా చచ్చిపోయాను రా ఎండకి" దాకా వచ్చేసింది. జాగ్రత్తగా రాసేవాళ్ళు లిటరల్లీని కాపాడుకోవాలని చూసేది ఛాందసంతో కాదు. ఆ పని చేయడానికి ఇంకో మాట మిగల్లేదు కాబట్టి.

ఆ పని ఎంత అవసరమో మా కుటుంబం గ్రూపులో ఒకసారి అందరికీ తెలిసింది. టెక్సాస్ నుంచి ఒక అమ్మాయి మెసేజి పెట్టింది. పొద్దున ఫోన్‌లో మాట్లాడితే తాత ఊపిరి లిటరల్లీ ఆడడం లేదన్నాడు, అని. తాత తిరుత్తణిలో ఒంటరిగా ఉన్నారు. మెసేజి చదివిన ఒక మామయ్య చెన్నై నుంచి రాత్రికి రాత్రి కారేసుకుని వెళ్ళాడు. వెళ్ళి చూస్తే తాత అరుగు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్నారు. ఇంటికి సున్నం కొట్టే పనివాళ్ళతో ఊపిరి తిప్పుకోను తీరిక లేదని ఆయన అన్నమాట అది. అమ్మాయి అబద్ధం చెప్పలేదు, తాత అన్న మాటనే నొక్కి చెప్పింది. కానీ రేపు నిజంగానే ఊపిరి ఆడకపోతే ఏ మాట పెట్టి చెప్పాలి? ఆ రాత్రి నుంచి మా గ్రూపులో పెద్దవాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. లిటరల్లీ తీసేసి వాక్యం మళ్ళీ చదవడం. అర్థం మారకపోతే ఆ మాట అక్కడ ఉత్త అరుపే, తీసెయ్యొచ్చు. వినేవాడు పోలిక అనుకుని పొరబడే ప్రమాదం ఉంటే మాత్రమే అది ఉండాలి. "పోలిక కాదు, నిజంగా అలాగే జరిగింది" అని చెప్పడమే దాని ఉద్యోగం.

వికారం

నాషియస్ కథ కడుపుది. గ్రీకులో ఓడని నౌస్ అంటారు, మన నౌకకి అది దూరపు చుట్టం. ఓడలో కడుపు తిప్పడం నుంచి నాషియా అనే మాట వచ్చింది. జాగ్రత్తగా రాసే ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ రెండు మాటల్ని విడిగా ఉంచుతారు. కడుపు తిప్పేలా చేసేది నాషియస్. కడుపు తిరుగుతున్న మనిషి నాషియేటెడ్. కుళ్ళిన గుడ్డు వాసన నాషియస్, ఆ వాసన పీల్చినవాడు నాషియేటెడ్. ఈ లెక్కన "ఐ యామ్ నాషియస్" అంటే నన్ను చూస్తే ఎదుటివాళ్ళకి డోకొస్తుందని చెప్పినట్టు. మామూలు మాటల్లో ఇప్పుడు ఈ తేడా దాదాపు చెరిగిపోయింది, ఇవాళ డాక్టర్లు కూడా ఆ వాక్యాన్ని సరిగ్గానే అర్థం చేసుకుంటారు. రాతలో మాత్రం పాత తేడాని పట్టుకుని ఉండేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మనకి ఈ రెంటికీ ఒక్కటే మాట, వికారం. మామూలు రూపం నుంచి మారిపోవడం దాని మూలార్థం. కడుపులో మార్పు వస్తే డోకు, ముఖంలో మార్పు వస్తే అందవిహీనం. మరి ఒకే మాటతో ఇన్నాళ్ళూ గందరగోళం లేకుండా ఎలా బతికాము? కారణం మాటలో లేదు, దాని ముందున్న చిన్న 'కు'లో ఉంది. "నాకు వికారంగా ఉంది" అంటే డోకు. "నేను వికారంగా ఉన్నాను" అంటే అందంగా లేను. ఇంగ్లీషు రెండు మాటలు పెట్టి చేసే పనిని తెలుగు ఒక విభక్తితో చేస్తుంది. మనిషికి కలిగేదంతా మనం 'కు' పెట్టే చెప్తాము: నాకు ఆకలిగా ఉంది, నాకు చలిగా ఉంది, నాకు భయంగా ఉంది. మనిషి స్వభావాన్నో రూపాన్నో చెప్పేటప్పుడు 'నేను' వస్తుంది: నేను సన్నగా ఉన్నాను, నేను నల్లగా ఉన్నాను.

బయట పుట్టి పెరిగిన పిల్లల తెలుగులో మొదట అరిగేది ఈ 'కు'నే. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో చెప్తారు కాబట్టి "నేను చలిగా ఉన్నాను", "నేను ఆకలిగా ఉన్నాను" అని వస్తుంది. అక్కడి దాకా నవ్వుకుని ఊరుకోవచ్చు. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే వెనక సీటులో పిల్లవాడు "నేను వికారంగా ఉన్నాను" అంటే, పక్కనున్న అవ్వ "లేదు నాయనా, బంగారంలా ఉండావు" అని బుగ్గ గిల్లుతుంది. ప్లాస్టిక్ కవరు చేతికి అందేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. "నాకు" అని ఉంటే అవ్వ ముందు కిటికీ తెరిచి ఉండేది.

తమిళం దగ్గరికి వచ్చేసరికి మాకు ఇంకో మలుపు ఉంది. తమిళంలో వికారం అంటే వికృతమైన రూపమే, డోకు అర్థం లేదు. డోకుకి వాళ్ళు కుమట్టల్ అంటారు. తిరువళ్ళూరులో ఒక ఆసుపత్రిలో మా అవ్వ నర్సమ్మతో, తెలుగూ తమిళమూ కలిపి, "రొంబ వికారంగా ఉందమ్మా" అంది. ఆ అమ్మాయి అవ్వ గడ్డం పట్టుకుని "పాట్టీ, నీంగ అళగాదాన్ ఇరుక్కీంగ" అంది, మీరు అందంగానే ఉన్నారని. అవ్వ సిగ్గుపడి, ఆ తర్వాత చెయ్యి కడుపు మీద పెట్టి చూపించింది. అప్పుడు సంగతి తెలిసి మందు ఇచ్చారు. ఇక్కడ అవ్వ తెలుగూ సరే, నర్సమ్మ తమిళమూ సరే. ఒకే మాట రెండు భాషల్లో రెండు ఇళ్ళు కట్టుకుంది. అందుకని మా పెద్దవాళ్ళు ఇప్పుడు డాక్టరు దగ్గర మాట కంటే వివరం చెప్తారు: తిన్నది పైకి వచ్చేలా ఉంది, వాంతి మాత్రం కాలేదు, తల తిరగడం లేదు. ఈ మూడు ముక్కలు చెప్తే ఏ భాషలో విన్నా పొరపాటు పడరు.

ఉదాసీనం

మూడోది డిసింటరెస్టెడ్. చాలామంది దీన్ని ఆసక్తి లేదు, విసుగ్గా ఉంది అనే అర్థంలో రాస్తారు. దానికి అనింటరెస్టెడ్ అనే వేరే మాట ఉంది. జాగ్రత్తగా రాసేవాళ్ళు డిసింటరెస్టెడ్ అంటే, ఆ వ్యవహారంలో స్వంత లాభనష్టాలు లేనివాడు అని. ఇక్కడ ఇంట్రెస్టు అంటే సరదా కాదు, వాటా. ఆస్తి తగాదాలో తీర్పు చెప్పేవాడికి ఆ ఆస్తిలో వాటా ఉండకూడదు. కానీ తగాదా మీద శ్రద్ధ మాత్రం నిండుగా ఉండాలి. కాగితాలు చదవకుండా ఆవలించే జడ్జి అనింటరెస్టెడ్. కాగితాలన్నీ చదివి, ఎవరు గెలిచినా తనకి పైసా రాని జడ్జి డిసింటరెస్టెడ్. ఒకరు మనకి కావాలి, ఇంకొకరు వద్దు. ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే ఎవరిని మెచ్చుకుంటున్నామో, ఎవరిని తిడుతున్నామో తెలియదు.

ఈ తేడా మా ఊరి తలరాతలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలో భాగంగా ఆంధ్రకి వచ్చింది. మా ఊరు తమదేనని తమిళులు ఉద్యమం చేశారు, మ.పొ. శివజ్ఞానం దానికి ముందు నిలిచారు. రెండు రాష్ట్రాలూ తమలో తాము తేల్చుకోలేకపోతే హెచ్.వి. పటాస్కర్‌ని మధ్యవర్తిగా పెట్టారు. ఆయన మహారాష్ట్ర వారు, కేంద్రంలో న్యాయశాఖలో మంత్రిగా పనిచేసినవారు. తెలుగు ఆయన భాష కాదు, తమిళమూ కాదు. ఆయనని ఎన్నుకోవడంలో పెద్ద యోగ్యత అదే. పల్లెని లెక్కకి ఒక యూనిట్‌గా తీసుకుని, అక్కడ ఏ భాష వాళ్ళు ఎక్కువ, ఆ పల్లె అవతలి వైపు నేలకి ఆనుకుని ఉందా అని చూసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. దాని మీద 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వెళ్ళింది. అటు నుంచి సత్యవేడు వైపు పల్లెలు ఆంధ్రకి వచ్చాయి. తర్వాత 1997లో చెంగల్పట్టుని విడదీసి తిరువళ్ళూరు జిల్లా చేసినప్పుడు మేము అందులోకి వచ్చాము. ఇల్లు మారకుండానే రెండు రాష్ట్రాలూ మూడు జిల్లాలూ చూసిన కుటుంబం మాది.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. పటాస్కర్ డిసింటరెస్టెడ్‌గా తేల్చాడు అని ఒకరు రాశారు అనుకోండి. మా మనవడు దాన్ని ఇవాళ్టి వాడుకలో చదివితే, పాపం ఆయనకి మన ఊరి సంగతి పట్టలేదు, ఏదో ఒకటి రాసి పడేశాడు అనుకుంటాడు. రాసినవాడు పాత అర్థంలో రాసి ఉంటే, ఏ పక్షం గెలిచినా తనకేమీ లేకుండా న్యాయంగా చూశాడు అని. ఒకటి నింద, ఒకటి ప్రశంస. తేల్చినదానితో మనం ఏకీభవిస్తామా లేదా అన్నది వేరే సంగతి, మా ఇంట్లోనే దాని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కానీ ముందు వాక్యం ఏమంటోందో తెలియాలి కదా.

సరే, తెలుగులో రాద్దాం అంటే ఏ మాట పెట్టాలి? మొదట నోటికొచ్చేది ఉదాసీనుడు. ఆ మాటకి అసలు అర్థం పక్కకి జరిగి కూర్చున్నవాడు అని. పాత రాజనీతిలో, కౌటిల్యుడి అర్థశాస్త్రంలో, ఉదాసీనుడు అంటే గొడవలో ఏ పక్షమూ చేరని బలమైన రాజు. భగవద్గీత పన్నెండో అధ్యాయంలో భక్తుడి మంచి లక్షణాల మధ్య ఈ మాట వస్తుంది. అంత గౌరవమైన మాట ఇవాళ పేపర్లో ఎలా ఉందో చూడండి. చెరువు కట్ట తెగితే "అధికారుల ఉదాసీన వైఖరి" అంటారు, అంటే నిర్లక్ష్యం. తమిళంలో ఇంకో మెట్టు దిగింది. ఉదాసీనం చేశారంటే మనిషిని చిన్నచూపు చూశారని. పక్కన కూర్చున్నవాడు మెల్లగా పట్టించుకోనివాడు అయ్యాడు, సరిహద్దు దాటేసరికి అవమానించేవాడు అయ్యాడు. ఇంగ్లీషులో కూడా దారి ఏమంత తిన్నగా లేదు. పదిహేడో శతాబ్దంలో డిసింటరెస్టెడ్‌కి ఆసక్తి లేదనే అర్థం ఉండేది, అనింటరెస్టెడ్‌కి నిష్పక్షపాతం అనే అర్థం ఉండేది. తర్వాతే రెండూ చోట్లు మార్చుకున్నాయి.

కాబట్టి తెలుగులో ఇవాళ ఉదాసీనుడు అని రాసి మెచ్చుకోలు అనుకోమంటే ఎవరూ అనుకోరు. తటస్థుడు అనవచ్చు, ఒడ్డున నిలబడినవాడు. కానీ తటస్థుడు తీర్పు చెప్పకుండానే ఒడ్డున ఉండిపోవచ్చు, మధ్యవర్తికి ఆ వీలు లేదు. నిష్పక్షపాతి దగ్గరగా వస్తుంది. అయినా అది ఆయన ఎలా తీర్పు చెప్పాడో చెప్తుంది గాని, ఆయనకి అందులో వాటా ఉందా లేదా చెప్పదు. సొంత కొడుకు మీద కూడా నిష్పక్షపాతంగా తీర్పు చెప్పేవాళ్ళు ఉంటారు, వాళ్ళు నిష్పక్షపాతులే గాని డిసింటరెస్టెడ్ కాదు. అందుకే ఆ పంచాయితీలో ఇంకొకరిని కూర్చోబెట్టమంటాము. మా చిన్నాయన పద్ధతి ఇక్కడ కూడా తేలిక. ఒక్క మాట కోసం వెతక్కుండా, "ఇందులో ఆయనకి లాభమూ లేదు, నష్టమూ లేదు" అని పూర్తిగా రాసేవారు. సాక్షి సంతకం ఎవరిచేత పెట్టించాలి అని అడిగినా ఇదే మాట చెప్పేవారు. చదువుకున్నవాడా, పెద్దవాడా అని ముందు చూడకండి, ఈ కాగితం చెల్లినా చెల్లకపోయినా ఆయనకి ఏమైనా వస్తుందా, పోతుందా అని చూడండి, అని.